కంపోస్ట్ కానిది ఎక్కడికి పోవాలి? గేటెడ్ కమ్యూనిటీ యూనిట్‌లో రిజెక్టుల లెక్క

గేటెడ్ కమ్యూనిటీలో కంపోస్ట్ యూనిట్ పెట్టాలన్న చర్చ మొదలైతే ఎక్కువసేపు నలిగేది యంత్రం ధర, స్థలం, వాసన. తొట్టెలోకి పోనిది ఏమవుతుంది, తొట్టెలోంచి వచ్చాక కూడా ఎరువు కానిది ఎక్కడికి పోతుంది అన్న ప్రశ్న వస్తే చివర్లో, అందరూ లేవబోతుండగా వస్తుంది. చాలా యూనిట్లు మూతపడేది మాత్రం సరిగ్గా దాని దగ్గరే. మొదటి మూడు నాలుగు నెలలు అంతా బాగానే ఉంటుంది. తర్వాత షెడ్డు వెనక కొన్ని సంచులు పోగవుతాయి. అవి ఎవరివో, ఎవరు తీసుకెళ్ళాలో, డబ్బు ఎవరివ్వాలో ఎక్కడా రాసి ఉండదు.

ఆ సంచుల్లో ఉన్నదాన్ని యూనిట్ నడిపేవాళ్ళు మొత్తంగా రిజెక్ట్ అంటారు. నిజానికి అందులో మూడు రకాలుంటాయి. తూకం దగ్గరే పక్కన పెట్టేసేది మొదటి రకం: తడి చెత్తలో కలిసి వచ్చిన కవర్లు, డైపర్లు, గాజు, బ్యాటరీలు. కంపోస్ట్ తయారయ్యాక జల్లెడ మీద మిగిలేది రెండోది. మూడోది, సరిగా పండకుండా చెడిపోయిన తొట్టె మొత్తం. మొదటిదాన్ని బయటికి పంపాలి, రెండోదాంట్లో ఎక్కువ భాగాన్ని మళ్ళీ వాడుకోవాలి, మూడోదాన్ని మళ్ళీ వండాలి. మూడింటికీ ఖర్చు వేరు, బాధ్యత వేరు. కమిటీ పనుల పంపకం, నెలవారీ రుసుము రెండూ ఈ తేడా మీదే నిలబడాలి.

200 ఇళ్ళ లెక్క

ఉదాహరణకు 200 ఇళ్ళున్న ఒక కమ్యూనిటీని ఊహించుకుందాం. ఇంటికి రోజుకు 550 గ్రాముల తడి చెత్త వస్తుందనుకుంటే మొత్తం 110 కిలోలు. అసలు లెక్కకు ఈ అంకెను అరువు తెచ్చుకోకూడదు. కనీసం రెండు వారాలు, సెలవు రోజులు కూడా కలిసేలా, రోజూ తూకం వేసి తెలుసుకోవాలి. అందులో 5 శాతం, అంటే ఐదున్నర కిలోలు, తూకం దగ్గరే పక్కకు పోతాయనుకుందాం. తొట్టెలకు చేరేది సుమారు 105 కిలోలు.

వంటింటి వ్యర్థంలో దాదాపు మూడొంతులు నీరే ఉంటుంది. 75 శాతం తేమతో కుప్ప వేస్తే లోపల గాలి ఆడదు, రెండు రోజుల్లో కుళ్ళు వాసన వస్తుంది. తేమను 60 శాతానికి దించాలంటే ఎండుటాకులో, చెక్కపొట్టో, అలాంటి పొడి సరుకు కలపాలి. ఆకుల్లో తేమ 15 శాతం అనుకుంటే, 105 కిలోల చెత్తకు 35 కిలోల ఆకులు కావాలి. ఈ మిశ్రమంలో కార్బన్, నైట్రోజన్ నిష్పత్తి కూడా దాదాపు 26:1 దగ్గరికి వస్తుంది. కంపోస్టుకు 25 నుంచి 30 వరకు మంచిదంటారు కాబట్టి, తేమను సరిచేస్తే రెండో లెక్క కూడా చాలావరకు దానంతట అదే సరిపోతుంది.

ఇబ్బంది ఆ 35 కిలోల దగ్గరే ఉంది. రోజుకు 35 కిలోలంటే ఏడాదికి దాదాపు 12.8 టన్నుల ఎండుటాకులు. ఆకులు రాలేది ఏడాదిలో కొన్ని నెలలే, చెత్త మాత్రం రోజూ వస్తుంది. నిల్వ చేసుకోవాలి, అదీ వాన తగలకుండా. పైగా ఒక రోజుకు కావాల్సిన ఆ 35 కిలోల ఆకులు వదులుగా ఉంటే అర ఘనమీటరు స్థలం తింటాయి. ముక్కలు చేస్తే అందులో సగం చాలు. అప్పుడు చెత్త, ఆకులు కలిపి రోజుకు సుమారు 400 లీటర్ల మిశ్రమం అవుతుంది. ఒక ఘనమీటరు తొట్టె, నింపుతుండగానే కుంగుతుంది కాబట్టి, మూడు రోజుల్లో నిండుతుంది. నిండిన తొట్టెను నెల రోజులు పండనివ్వాలంటే పది తొట్టెలు, నింపుతున్నది ఒకటి, ఖాళీగా ఉంచేది మరొకటి, మొత్తం పన్నెండు. ఆ చివరి ఖాళీ తొట్టెను వృథా అనుకుని అంచనాల్లోంచి కొట్టేసే కమిటీలు చాలా ఉంటాయి. ఒక బ్యాచ్ చెడిపోయిన రోజు దాన్ని పెట్టడానికి ఉండే చోటు అదొక్కటే.

తొట్టెలో పండుతున్నప్పుడు ఘన పదార్థంలో దాదాపు సగం కార్బన్ డయాక్సైడుగా, ఆవిరిగా పోతుంది. రోజుకు వేసిన 140 కిలోల మిశ్రమం నుంచి చివరికి మిగిలేది 45 కిలోల చొప్పున. అంటే బరువు మూడో వంతుకు పడిపోతుంది. కానీ ప్లాస్టిక్ కరగదు, గాజు ఆవిరి కాదు. మొదట్లో మిశ్రమంలో ఒక శాతం ప్లాస్టిక్ ఉంటే, పండిన తర్వాత అది మూడు శాతం అవుతుంది. పైన చూస్తే ‘ఏదో కొంచెం కలిసిందిలే’ అనిపించిన చెత్త, ఎరువు సంచిలో రంగురంగుల ముక్కలుగా కనిపించడానికి కారణం ఇదే. అందుకని ఏరే పని తొట్టెకు ముందే ముగియాలి. తర్వాత జల్లెడ పట్టి సరిచేయవచ్చులే అనుకోవడం ఖరీదైన ఆశ.

తూకం దగ్గర పక్కన పెట్టేది

చాలా యూనిట్లలో చెత్త వచ్చీ రాగానే ముక్కలు చేసే యంత్రంలో పోస్తారు. ముక్కలు చిన్నవైతే త్వరగా పండుతుందన్నది నిజమే. ఏరకుండా యంత్రంలో వేస్తే మాత్రం ఒక కవరు యాభై ముక్కలవుతుంది, ఒక సీసా పెంకు చేత్తో ఏరలేనంత సన్నగా పొడి అవుతుంది. చేత్తో తీయగలిగిన ఒక్క వస్తువును ఎవరూ తీయలేనిదిగా మార్చే యంత్రం అది. ముందు బల్ల మీద పరిచి ఏరడం, తర్వాతే యంత్రం, ఈ వరుస తప్పకూడదు. బకెట్లో పగిలిన గాజు, సూది లేదా బ్లేడు కనిపిస్తే అందులో ఏరడానికి చెయ్యి పెట్టకూడదు. ఆ బకెట్ మొత్తం రిజెక్టే. వాడిన డైపర్లు, శానిటరీ ప్యాడ్లు కలిసినా అంతే. ఏరే మనిషి చేతికి ఏమవుతుందన్న లెక్క ముందు రెండు కిలోల ఎరువు లెక్క నిలవదు.

‘కంపోస్టబుల్’ అని రాసిన సంచులు వేరే తలనొప్పి. యూరప్ ప్రమాణం EN 13432 ప్రకారం ఆ ముద్ర పొందాలంటే, పారిశ్రామిక కంపోస్టింగ్ పరిస్థితుల్లో 12 వారాల తర్వాత ఆ పదార్థంలో కనీసం 90 శాతం 2 మిల్లీమీటర్ల జల్లెడ దాటేంత చిన్న ముక్కలవ్వాలి. నెల రోజుల్లో ఖాళీ చేసే ఘనమీటరు తొట్టెకు అంత సమయం ఉండదు, అంత వేడి అన్ని రోజులు నిలవదు. ఇంకా పెద్ద చిక్కు, ఏరే బల్ల మీద ఆ సంచికీ మామూలు సంచికీ తేడా కనిపెట్టడం కష్టం. సంచి ఏదైనా బకెట్లో ఉండకూడదన్న ఒకే నియమం పెడితే ఈ వాదనే ఉండదు. బకెట్ అడుగున కాగితం వేసుకోవచ్చు.

లాన్ ఉన్న కమ్యూనిటీల్లో ఎవరికీ తట్టని రిజెక్ట్ మరొకటుంది. పచ్చికలో వెడల్పాకు కలుపును చంపడానికి కొట్టే క్లోపైరాలిడ్, అమైనోపైరాలిడ్ లాంటి మందులు కంపోస్ట్ వేడికి కూడా పూర్తిగా విరగవు. అలాంటి గడ్డి కలిసిన ఎరువు వేస్తే చిక్కుడు, టమాటా జాతి మొక్కల కొత్త ఆకులు ముడుచుకుని మెలితిరుగుతాయి. ఎరువు రంగు, వాసన అన్నీ బాగానే ఉంటాయి, అందుకే కారణం దొరకదు. తోట కాంట్రాక్టరు ఏ మందు ఎప్పుడు కొట్టాడో రాతపూర్వకంగా చెప్పకపోతే ఆ గడ్డిని యూనిట్‌లోకి రానివ్వకపోవడమే మేలు.

ఇక కొలిచే పద్ధతి. రిజెక్టును బరువులో మాత్రమే రాస్తే లెక్క మోసం చేస్తుంది. ఒక ప్లాస్టిక్ కవరు మూడు నాలుగు గ్రాములుంటుంది. ప్రతి ఇంటి నుంచీ ఒక్కో కవరు వచ్చినా 200 కవర్ల బరువు కిలో దాటదు, అంటే 110 కిలోల్లో ఒక శాతం కూడా కాదు. ఏరే మనిషికి మాత్రం అది 200 సార్లు వంగి తీసే పని. తడిసిన డైపరు ఒక్కటి వస్తే బరువు ఒక్కసారిగా పెరిగిపోతుంది, తప్పు చేసింది ఒక్క ఇల్లే అయినా. కాబట్టి రోజూ రెండు అంకెలు రాయాలి: బయటికి పంపిన రిజెక్ట్ బరువు, తప్పుగా వచ్చిన బకెట్ల సంఖ్య. బరువు రవాణా ఖర్చును చెబుతుంది, బకెట్ల సంఖ్య ఇళ్ళ అలవాటును చెబుతుంది. 200 బకెట్లలో 40 తప్పుగా వస్తున్నాయంటే అందరికీ మళ్ళీ వివరించాలి. నాలుగు మాత్రమే వస్తున్నాయంటే ఆ నాలుగు ఇళ్ళతో మాట్లాడితే చాలు, సర్క్యులర్ అక్కర్లేదు.

బకెట్ ఏ ఇంటిదో తెలిస్తేనే ఇదంతా సాధ్యం. అంతస్తుల భవనాల్లో చెత్త గొట్టం ఉన్నా, అందరూ ఒకే డ్రమ్ములో పోసినా తప్పు ఎవరిదో తేలదు. అక్కడ ఎన్ని పోస్టర్లు అంటించినా ఫలితం కొద్దిగానే ఉంటుంది. తడి చెత్తకు గొట్టం మూసేసి, గుమ్మం దగ్గర తీసుకోవడమో, రోజుకు ఒక గంట మనిషి నిలబడిన చోట మాత్రమే తీసుకోవడమో చేయాలి.

జల్లెడ మీద మిగిలేది

పండిన సరుకును నాలుగైదు మిల్లీమీటర్ల జల్లెడ పడితే మన ఉదాహరణలో 45 కిలోల్లో సుమారు 30 కిందికి దిగుతాయి, 15 పైన మిగులుతాయి అనుకుందాం. ఈ 15 కిలోల్ని చెత్త బండికి ఎత్తించే యూనిట్లు తమ చేత్తో తామే నష్టం చేసుకుంటున్నట్టే. అందులో ఎక్కువ భాగం పూర్తిగా విరగని పుల్లలు, టెంకలు, గట్టి కాడలు, గడ్డకట్టిన ఎరువు. వాటి నిండా పని చేసే సూక్ష్మజీవులు ఉంటాయి, మధ్యలో గాలి ఆడే ఖాళీలు ఉంటాయి. వాటిని తిరిగి కొత్త చెత్తలో కలిపితే కుప్ప త్వరగా వేడెక్కుతుంది, ఆకుల అవసరమూ తగ్గుతుంది. తేమ లెక్క మళ్ళీ వేసి చూస్తే రోజుకు 35 కిలోల ఆకులు పట్టే చోట 28 సరిపోతాయి. ఏడాదికి రెండున్నర టన్నుల ఆకులు మిగిలినట్టు.

అయితే ఒక షరతు ఉంది. జల్లెడ మీద మిగిలినదాన్ని ఏరకుండా తిప్పితే ప్లాస్టిక్ కూడా ప్రతిసారీ తిరిగి వస్తుంది, ప్రతి చక్రంలోనూ కొత్తది చేరుతుంది. నాలుగైదు చక్రాల తర్వాత జల్లెడ పైభాగం అంతా రంగు ముక్కలే. కాబట్టి తిప్పే ముందు ఆరబెట్టి, పలుచగా పరిచి ఏరాలి. తడిగా ఉంటే ముక్కలు ఎరువుకు అంటుకుని కనిపించవు. ప్లాస్టిక్ మరీ ఎక్కువై ఏరడం అసాధ్యమైతే ఆ విడతను మొత్తంగా బయటికి పంపేసి, ఆ నష్టాన్ని పుస్తకంలో రాసుకోవాలి.

ఎవరు దేనికి జవాబుదారీ

కమిటీలో ఎంతమంది ఉన్నారన్నది పెద్ద విషయం కాదు. ఏ ఇద్దరు ఒకరే కాకూడదన్నది ముఖ్యం. కుప్పను చూసుకునే బాధ్యులు ఒకరు. వీళ్ళు రోజూ పుస్తకంలో తూకం, తేమ, ఉష్ణోగ్రత చూస్తారు. ఏ తొట్టెనైనా, అవసరమైతే ఆ రోజు తీసుకోవడాన్నే ఆపే అధికారం వీళ్ళకు ఉండాలి, సమావేశం పెట్టకుండానే. రెండో వ్యక్తి రిజెక్ట్ బాధ్యులు. బయటికి పోయే ప్రతి సంచి ఎవరు తీసుకెళ్ళారు, ఎంత బరువు, ఎక్కడికి అన్నది వీళ్ళ పని. పొడి చెత్త తీసుకునేవాళ్ళతో, శానిటరీ వ్యర్థం తీసుకునే వ్యవస్థతో ఒప్పందాలూ వీళ్ళవే. ఏ రిజెక్టూ ప్రాంగణంలో 48 గంటలు దాటి ఉండకూడదు అన్న ఒక్క వాక్యం వీళ్ళ బాధ్యతను చాలావరకు చెప్పేస్తుంది. ఈ పనిని కుప్ప బాధ్యులకే అప్పగిస్తే ఏమవుతుందో ఊహించవచ్చు. రిజెక్ట్ ఎక్కువగా కనిపిస్తే తమ యూనిట్ సరిగా నడవట్లేదని అందరూ అనుకుంటారన్న భయంతో కొంత తొట్టెల్లోకే పోతుంది. మూడో వ్యక్తి కోశాధికారి, ఖర్చులు, రుసుము లెక్క వీళ్ళ పని, ఆ లెక్క ఎలా వేయాలో తర్వాత చూద్దాం.

నాలుగో పాత్రను చాలామంది మర్చిపోతారు. నివాసితుల అభ్యంతరాలు వినేవాళ్ళు. ‘మా బకెట్ ఎందుకు వెనక్కి పంపారు’ అన్న ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది ఏరే బల్ల దగ్గర పనిచేసే కార్మికుడు కాదు. ఆయన చేసే పని ఒక్కటే: బకెట్‌కు చీటీ కట్టి, కారణం టిక్ పెట్టి, ఫోటో తీయడం. వాదన కమిటీ వింటుంది. జీతం ఇచ్చే ఇళ్ళవాళ్ళ తప్పును జీతం తీసుకునే మనిషి చేత ఎత్తి చూపించే ఏర్పాటు ఎక్కువ రోజులు నడవదు. మొహమాటానికో, భయానికో ఆయన చీటీలు కట్టడం మానేస్తాడు. అప్పుడు పుస్తకంలో తప్పు బకెట్లు సున్నాకి వస్తాయి, ఏరిన ప్లాస్టిక్ మాత్రం తగ్గదు. ఈ రెండు అంకెలు విడిపోయాయంటే ఇళ్ళు మారలేదు, చీటీలే ఆగిపోయాయని అర్థం.

కమిటీలు ఏడాదికో రెండేళ్ళకో మారతాయి. అప్పగింత రోజున కొత్తవాళ్ళ చేతికి రావాల్సినవి తాళాలు, బ్యాంకు సంతకాలు మాత్రమే కాదు. ఏ తొట్టె ఏ తేదీన నిండింది, జల్లెడ మిగులు ఎంత నిల్వ ఉంది, ఆకులు ఎన్ని వారాలకు సరిపోతాయి, రిజెక్ట్ ఒప్పందం ఎప్పుడు ముగుస్తుంది, ఇవి లేకపోతే కొత్త కమిటీ మొదటి నెలంతా వాసన ఫిర్యాదులతోనే గడుపుతుంది.

రుసుము ఎలా పంచాలి

కంపోస్ట్ యూనిట్ ఖర్చుల్లో ఎక్కువ భాగం చెత్త ఎంత వచ్చిందన్న దాని మీద ఆధారపడదు. 110 కిలోలు వచ్చినా 80 వచ్చినా పనిచేసే మనుషులు అంతే, షెడ్డు అంతే, యంత్రం అరిగేది దాదాపు అంతే. మొత్తం ఏడాది ఖర్చును 100 భాగాలనుకుని, అందులో కూలీ 55, మరమ్మతులు 10, యంత్రం, తొట్టెలు మార్చడానికి పక్కన పెట్టేది 10, ఇలా 75 స్థిరమైనవి అనుకుందాం. మిగతా 25లో ఆకుల సేకరణ, కరెంటు, రిజెక్ట్ రవాణా ఉంటాయి, ఇవి చెత్తతో పాటు పెరుగుతాయి.

ఇక్కడ వచ్చే మొదటి గొడవ ఖాళీ ఇళ్ళది. ‘మేం ఉండటం లేదు, చెత్తే లేదు, ఎందుకు కట్టాలి’ అంటారు యజమానులు. 200 ఇళ్ళలో 20 ఖాళీ అనుకుంటే, స్థిరమైన 75 భాగాలను 200తో, మారే 25ను 180తో భాగించాలి. ఒక్కో ఇంటికి స్థిర వాటా 0.375, ఉంటున్న ఇళ్ళకు అదనంగా 0.139. అంటే ఉంటున్న ఇల్లు 0.514 కడితే ఖాళీ ఇల్లు 0.375 కడుతుంది, సుమారు 73 శాతం. ఖాళీ ఇంటిని పూర్తిగా మినహాయిస్తే ఉన్నవాళ్ళ వాటా 0.556కి పెరుగుతుంది. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూపిస్తే సమావేశంలో వాదన సగం తగ్గుతుంది.

కిలోకి ఇంత అని వసూలు చేయడం న్యాయంగా కనిపిస్తుంది కానీ ఇళ్ళ స్థాయిలో అది బెడిసికొడుతుంది. తడి చెత్తకు బిల్లు వస్తే కొంత పొడి చెత్తలోకి పోతుంది, కొంత సింకులోంచి మురుగు గొట్టంలోకి పోతుంది. తూకం తగ్గిందని సంతోషించేలోపు పొడి చెత్త తీసుకునేవాళ్ళు తడిసిన సరుకు వద్దంటారు. కిలో లెక్క విందులకు, పెద్ద ఎత్తున చెట్లు కొట్టిన రోజులకు మాత్రం సరిపోతుంది. విందు చెత్త 60 కిలోలు ఒకేసారి వస్తే ఆ రోజు ఆకులు కూడా మామూలు కంటే 20 కిలోలు ఎక్కువ కావాలి, మనిషి అదనపు గంటలు పనిచేయాలి. ముందు రోజే చెప్పి, ఆ ఖర్చు కట్టాలన్న నియమం ఎవరికీ అన్యాయం చేయదు.

తప్పు బకెట్లకు జరిమానా విషయంలో తొందర పనికిరాదు. మొదటిసారి చీటీ, రెండోసారి ఇంటికి వెళ్ళి చూపించడం, మూడోసారి బకెట్ తీసుకోకుండా వదలడం, ఆ తర్వాతే డబ్బు. ఆ డబ్బు కూడా ఏరే కూలీకి, బయటికి పంపే రవాణాకి అయిన ఖర్చుకు దగ్గరగా ఉండాలి. జరిమానాను ఆదాయంగా బడ్జెట్లో రాసుకున్న కమిటీకి తప్పులు తగ్గితే లోటు వస్తుంది, ఇది విడ్డూరమైన పరిస్థితి. బ్లాకు మొత్తానికి కలిపి జరిమానా వేయడమూ అంతే, సరిగా వేరుచేసే ఇళ్ళకు వేరుచేయడం మానేయడానికి అదే మంచి కారణమవుతుంది.

ఎరువు అమ్మకాన్ని బడ్జెట్లో సున్నాగా రాసుకోవాలి. రోజుకు 30 కిలోలంటే ఏడాదికి దాదాపు 11 టన్నులు. కమ్యూనిటీ తోటలు, కుండీలు అంత తినవు, అన్ని నెలల్లోనూ తినవు. తీసుకునేవాళ్ళు దొరికితే ఆ డబ్బు రిజర్వులోకి పోవాలి. అమ్మకం మీద లెక్క వేసుకుని రుసుము తగ్గిస్తే, మాగని ఎరువునే సంచుల్లో నింపాలన్న ఒత్తిడి మొదలవుతుంది.

చెడిపోయిన తొట్టె

మంచి తొట్టె రెండు మూడు రోజుల్లో 55 డిగ్రీలు దాటుతుంది. మురుగు బురద కంపోస్టింగ్ కోసం అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ పెట్టిన నియమంలో మూసిన తొట్టెలకు 55 డిగ్రీలు లేదా అంతకు మించి మూడు రోజులు ఉండాలి. వంటింటి చెత్తకు కూడా చాలామంది దాన్నే కొలమానంగా వాడతారు. పొడవాటి కాడ ఉన్న థర్మామీటరును మధ్యలో గుచ్చి చూడాలి. అంచులు ఎప్పుడూ చల్లగానే ఉంటాయి, కాబట్టి కనీసం రెండుసార్లైనా తిరగేసి అంచును లోపలికి తేవాలి. 70 దాటితే పని చేసే సూక్ష్మజీవులే చచ్చిపోవడం మొదలవుతుంది, అప్పుడు విప్పి చల్లబరచాలి.

వారం గడిచినా 45 దాటకపోతే కారణం చాలాసార్లు తేమే. ఒక గుప్పెడు తీసి గట్టిగా పిండితే వేళ్ళ మధ్య తడి మెరవాలి, రెండు మూడు చుక్కలకు మించి కారకూడదు. ధారగా కారితే నీరు ఎక్కువ, ఆకులు కలిపి తిరగేయాలి. చెయ్యి తీయగానే ముద్ద విడిపోయి పొడిగా రాలితే నీరు చల్లాలి. కుళ్ళిన గుడ్ల వాసన గాలి అందలేదని చెబుతుంది. ముక్కు మండించే అమ్మోనియా వాసనైతే నైట్రోజన్ ఎక్కువైంది, పొడి కార్బన్ సరుకు తక్కువైంది. తెల్లటి లావుపాటి పురుగులు కనిపించి కంగారుపడే నివాసితులు ఎక్కువ. అవి చాలావరకు బ్లాక్ సోల్జర్ ఫ్లై అనే ఈగ లార్వాలు, హాని చేయవు. కాకపోతే పైపొర తడిగా, బహిరంగంగా ఉందని చెబుతున్నాయి.

బయటికి బాగా కనిపించినా పండని ఎరువును పట్టుకోవడం ఇంకా కష్టం. 24 గంటల్లో ‘కంపోస్ట్’ ఇస్తామనే యంత్రాల్లో చాలావాటి సరుకు ఈ కోవలోదే. అవి వేడితో నీటిని తీసేస్తాయి. గోధుమ రంగు పొడి వస్తుంది, వాసన ఉండదు. దాన్ని తడిపి వదిలితే మళ్ళీ వేడెక్కి వాసన కొడుతుంది, ఎందుకంటే కుళ్ళడం ఇంకా మొదలే కాలేదు. అది ఎరువు కాదు, ఎండిన చెత్త. దాన్ని తొట్టెలో వేసి మామూలుగానే పండించాలి.

పరీక్ష సులువే. కొంచెం సరుకును గుప్పిట్లో ముద్ద నిలిచేంత తడి చేసి, గాలి పోకుండా సంచిలో కట్టి మూడు నాలుగు రోజులు గది వేడిమిలో ఉంచాలి. విప్పినప్పుడు పులిసిన వాసనో, అమ్మోనియా వాసనో వస్తే పండలేదు. మట్టి వాసన వస్తే దాదాపు అయినట్టే. ఇంకాస్త నమ్మకం కావాలంటే ఒక పళ్ళెంలో ఎరువు, మట్టి సగం సగం కలిపి, పక్కన ఉత్త మట్టి పెట్టి రెండింటిలోనూ ఆవగింజలు చల్లాలి. వారం తర్వాత ఎరువు పళ్ళెంలో మొలకలు స్పష్టంగా తక్కువగా, వేర్లు గోధుమ రంగులో ఉంటే ఆ బ్యాచ్ బయటికి పోకూడదు. సంచి పరీక్షకు, మొలకల పరీక్షకు కలిపి పన్నెండు రోజులకు మించి పట్టవు కాబట్టి, తొట్టెలోంచి తీశాక ఎరువును మాగబెట్టే ఆరు వారాల్లో చివరి రెండు వారాల్లో వీటిని పెట్టుకోవచ్చు.

ఓడిన బ్యాచ్‌ను పారేయనక్కర్లేదు. ఖాళీ తొట్టెలోకి తీసి, ఆరబెట్టి, కొత్త మిశ్రమంలో నాలుగో వంతుకు మించకుండా కలుపుతూ పోతే మూడు నాలుగు తొట్టెల్లో కలిసిపోతుంది. దానికి మినహాయింపు ఒకటే: సూదులు, వాడిన శానిటరీ వ్యర్థం, బ్యాటరీలు లోపలి దాకా వెళ్ళాయని తెలిసిన తొట్టె. దాన్ని చేత్తో తిరగేయకూడదు, జల్లెడ పట్టకూడదు. విడిగా కట్టి, స్థానిక సంస్థ చెప్పిన దారిలో పంపేయాలి.

వరుసగా రెండు మూడు తొట్టెలు ఓడితే ఖాళీ తొట్టె ఒక్కటి చాలదు. ఆ రోజు 110 కిలోల తడి చెత్త ఎక్కడికి పోతుంది? కబురు చేస్తే వచ్చి తీసుకెళ్ళేలా బయటి సేకరణ సంస్థతో ఒప్పందం, వాడినా వాడకపోయినా దానికి కట్టే చిన్న మొత్తం, రుసుములో స్థిర భాగంగా ముందే ఉండాలి. దాన్ని అమలు చేసే అధికారం కుప్ప బాధ్యుల దగ్గర ఉండాలి, ఫోను నంబరు షెడ్డు తలుపు మీదే రాసి ఉండాలి. తొట్టెలు తేరుకున్నాక ఒకేరోజు మొత్తం చెత్తను మళ్ళీ లోపలికి తీసుకోకూడదు. మొదటి వారం సగం ఇళ్ళ నుంచే తీసుకుని, రెండు తొట్టెలు వరుసగా 55 దాటాక మిగతావి కలపడం మంచిది.